బకెట్‌లో వర్మీకంపోస్ట్: తడి లెక్క తప్పకుండా మొదటి కోత వరకు

వానపాములతో ఎరువు తయారుచేయడం గురించి వినగానే చాలామంది ముందు అడిగేది వాటికి ఏం పెట్టాలి అని. బకెట్ విషయంలో ఆ ప్రశ్న రెండోది. ముందు తేల్చుకోవలసింది నీటి సంగతి. పొలంలో వేసే వర్మీ బెడ్ కింద నేల ఉంటుంది, చుట్టూ గాలి ఆడుతుంది. ఎక్కువైన తడిని అవే పీల్చుకుంటాయి. ప్లాస్టిక్ బకెట్ గోడ చుక్క నీటిని కూడా పీల్చదు. మీరు వేసే కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. అంటే మేత వేసిన ప్రతిసారీ మీకు తెలియకుండానే బకెట్‌లో నీళ్లు పోస్తున్నట్లే. వానపాము చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది. చర్మం తడిగా లేకపోతే చనిపోతుంది, నీరు నిలిచి గాలి అందకపోయినా చనిపోతుంది. ఈ రెండింటి మధ్య బకెట్‌ను నిలిపి ఉంచడమే అసలు పని. అందుకే ఇక్కడ ఒకే బకెట్‌ను, 20 లీటర్ల దాన్ని, 150 గ్రాముల వానపాములతో మొదలుపెట్టి ఎరువు తీసేదాకా వెంట వెళదాం.

బకెట్ సిద్ధం చేయడం

మూత ఉన్న, ముదురు రంగు బకెట్ తీసుకోండి. వానపాములకు వెలుతురు గిట్టదు, పారదర్శకంగా ఉన్నది పనికిరాదు. ఇంతకుముందు రంగో, పురుగుమందో, ఘాటైన రసాయనమో నిల్వ ఉన్న బకెట్ జోలికి వెళ్లవద్దు. ఎంత కడిగినా వాసన వదలదు, ఆ వాసనే వానపాములను తరిమేస్తుంది. లోతుకన్నా వెడల్పు ముఖ్యం. ఎరువు చేసే జాతులు పైనున్న అరడుగు మందంలోనే తిరుగుతాయి, కాబట్టి సన్నగా పొడవుగా ఉన్న డబ్బాకన్నా వెడల్పాటి బకెట్ మేలు.

అడుగున 5 లేదా 6 మిల్లీమీటర్ల రంధ్రాలు పది చేయండి. పక్క గోడకు పై భాగంలో మాత్రమే, చుట్టూ 2 మిల్లీమీటర్ల రంధ్రాలు ఇరవై దాకా, మూతకు మరో పది. డ్రిల్లు లేకపోతే కాల్చిన మేకుతో చేయవచ్చు. పొగ పీల్చకుండా ఆరుబయట కూర్చుని చేయండి. అడుగు రంధ్రాల మీద లోపలి వైపు దోమతెర ముక్క ఒకటి పరిస్తే వానపాములు జారిపోవు, నీరు మాత్రం దిగుతుంది. బకెట్‌ను రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, కింద పళ్లెం ఉంచండి. నేలకు ఆనించి పెడితే రంధ్రాలు ఉండీ లేనట్లే.

పెట్టే చోటు నీడలో ఉండాలి. 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఇవి హాయిగా ఉంటాయి. 35 దాటితే చావులు మొదలవుతాయి, ఎండ తగిలే గోడ పక్కన మూసిన బకెట్ లోపల ఆ వేడి రావడానికి మధ్యాహ్నం ఒక్కటి చాలు. వాషింగ్ మెషీన్ పక్కన కూడా వద్దు, అదురు వాటికి పడదు.

పడక: కాగితం, కొబ్బరి పొట్టు, పిడికెడు మట్టి

పడక అంటే వానపాములు ఉండే ఇల్లు, నెమ్మదిగా తినే తిండి కూడా అదే. మన బకెట్‌లో సగం వరకు నింపడానికి పొడి బరువున సుమారు 700 గ్రాముల సరుకు కావాలి. అందులో 400 గ్రాములు చించిన అట్టపెట్టె ముక్కలు, పాత వార్తాపత్రికలు. మిగిలిన 300 గ్రాములు కొబ్బరి పొట్టు. నిగనిగలాడే పూత ఉన్న కాగితం, టేపు అంటిన అట్ట తీసేయండి. కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా చించితే చాలు. పొడిపొడిగా చేస్తే తడిసి ముద్దగా అతుక్కుపోతుంది, గాలి ఆడదు. అట్టపెట్టెకు నేను ఎప్పుడూ ఎక్కువ మార్కులు వేస్తాను. దాని అలలు అలలుగా ఉండే పొర లోపల గాలి నిలుస్తుంది, వానపాములు ఆ మడతల్లో చేరి గుడ్లు పెడతాయి.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండవచ్చు. నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ ఒకసారి మంచినీటితో కడిగి వాడండి. ఎండుటాకులు దొరికితే కాగితంలో సగం తగ్గించి అవి వేయవచ్చు. పశువుల పేడ వేయాలనుకుంటే కనీసం రెండు మూడు వారాలు మాగినదే వేయండి. పచ్చి పేడ లోపల వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. చిన్న బకెట్‌లో వానపాములకు తప్పించుకునే చోటు ఉండదు.

ఈ 700 గ్రాములకు సుమారు 2 లీటర్ల నీరు పడుతుంది. ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. ఇప్పుడు ఒక గుప్పెడు తీసుకుని గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో తడి మెరిసి, ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయింది. ధారగా కారితే మరికొంత పొడి కాగితం కలపాలి. చుక్క కూడా రాకుండా పిడికిలి విప్పగానే ముద్ద విచ్చిపోతే నీరు చాలలేదు. ఈ పిడికిలి పరీక్ష ఇక మీదట వారానికోసారి చేస్తూనే ఉంటారు, అందుకే ఆ తడి చేతికి ఎలా తగిలిందో గుర్తుంచుకోండి. పరీక్షకు పడకను పైనుంచి కాదు, అడుగు నుంచి తీయాలి. నీరు ఎప్పుడూ కిందికి చేరుతుంది కాబట్టి పైన ఆరినట్లు కనిపించినా అడుగు బురదగా ఉండవచ్చు.

చివరగా రెండు గుప్పెళ్ల తోట మట్టి లేదా పాత కంపోస్టు, రెండు చెంచాల మెత్తటి గుడ్డు పెంకుల పొడి కలపండి. వానపాముకు పళ్లు ఉండవు. మింగిన తిండిని కడుపులో ఇసుక రేణువుల సాయంతో నూరుకుంటుంది, మట్టి అందుకే. పెంకుల పొడి పులుపును కూడా విరిచేస్తుంది. కలిపిన పడకను బకెట్‌లో వదులుగా నింపి, మూత వేసి, రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. ఆ తర్వాత చేయి మధ్యలోకి దింపి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి.

ఏ వానపాములు, ఎన్ని

తోటలో తవ్వితే దొరికే వానపాములు చాలావరకు లోతు మట్టిలో బొరియలు చేసుకుని బతికేవి. వాటిని బకెట్‌లో వేస్తే నిలవవు. కావలసింది నేల పైపొరలో, కుళ్లిన ఆకుల మధ్య బతికే జాతులు. ఐసీనియా ఫెటిడా అనే ఎర్రటి చారల రకం అన్నిటికన్నా ఓర్పు గలది, కొత్తవారికి అదే మంచిది. యూడ్రిలస్ యూజీనియే అనే ఆఫ్రికా జాతి పెద్దది, బాగా తింటుంది, వెచ్చని వాతావరణం దానికి నచ్చుతుంది. చలికి మాత్రం తట్టుకోలేదు. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా మంచి పనిమంతురాలే కానీ, ఏ కొంచెం తేడా వచ్చినా రాత్రికి రాత్రి గుంపుగా బయటికి పాకే అలవాటు దానిది.

మన బకెట్‌కు 150 గ్రాములు చాలు. ఎర్ర రకంలో ఎదిగినవైతే అవి సుమారు మూడు వందల దాకా ఉంటాయి. కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోండి: తూకంలో వానపాములు ఎన్ని, వాటితో వచ్చే పడక ఎంత అన్నది అడగాలి. తల వైపున ఉబ్బెత్తుగా ఒక పట్టీ కనిపిస్తే అది గుడ్లు పెట్టే వయసుకు వచ్చినట్లు. అలాంటివి కొన్ని, పిల్లలు కొన్ని కలిసి ఉంటే ఇంకా మంచిది. చిన్నవి కొత్త చోటుకు తొందరగా అలవాటుపడతాయి.

వాటిని పడక మీద వదిలేయండి, మీరు పాతిపెట్టనవసరం లేదు. వెలుతురు తగలగానే పది నిమిషాల్లో వాటంతట అవే లోపలికి దిగుతాయి. దిగకుండా పైనే మిగిలినవి బలహీనపడినవి. అరగంట తర్వాత తీసేయండి. మొదటి రెండు మూడు రాత్రులు బకెట్ మూత తీసి, పైన దీపం వెలుగుతూ ఉంచండి. కొత్త చోట అవి పారిపోవాలని చూస్తాయి, వెలుతురు ఉంటే బయటికి రావు.

మేత: గంటకు కాదు, గుంటకు లెక్క

మొదటి నాలుగు రోజులు ఏమీ వేయవద్దు. తర్వాత ఎంత వేయాలన్న దానికి పుస్తకాల్లో కనిపించే సూత్రం, వానపాముల బరువులో సగం ప్రతి రోజూ తింటాయని. అది కుదురుకున్న బకెట్‌కు వర్తించే మాట. తొక్కలను ముందు సూక్ష్మజీవులు మెత్తబరచాలి, ఆ తర్వాతే వానపాములు ముడతాయి. కొత్త బకెట్‌లో ఆ సూక్ష్మజీవులు ఇంకా పెరగలేదు. కాబట్టి మొదటి వారం మొత్తానికి 100 గ్రాములే. రెండో వారం కూడా అంతే. నాలుగో వారానికి 200, రెండు నెలలు నిండేసరికి వారానికి 500 గ్రాముల దాకా వెళ్లవచ్చు. అంతకన్నా వేగంగా పెంచినవారికే వాసన సమస్యలు వస్తాయి.

వారానికి రెండుసార్లు వేయండి. బకెట్ అంచు మీద నాలుగు వైపులా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మొదటిసారి ఒకటో గుర్తు దగ్గర, తర్వాత రెండో దాని దగ్గర, ఇలా తిరుగుతూ వెళితే ప్రతి చోటుకూ రెండు వారాలకు ఒకసారి మేత అందుతుంది. గుర్తు దగ్గర పడకను వేళ్లతో పక్కకు జరిపి, నాలుగైదు సెంటీమీటర్ల గుంట చేసి, తొక్కలు వేసి, పైన పడక కప్పండి. పైకి తేలిన తొక్కే చిన్న ఈగలను పిలుస్తుంది.

ఈ తిరుగుడులో అసలు లాభం వేరే ఉంది. కొత్త మేత వేసే ముందు ఆ చోట రెండు వారాల కిందటి గుంటను తెరుస్తారు కదా, అందులో కనిపించేదే మీకు సమాధానం. తొక్కలు ఆనవాలు లేకుండా పోయి, నల్లటి సన్నటి రవ్వ మిగిలితే మేత సరిపోతోంది, ఈసారి కొంచెం పెంచవచ్చు. తొక్కలు ఇంకా ఉండి, వాటి చుట్టూ వానపాములు గుత్తులుగా చేరి ఉంటే తింటున్నాయి, అదే మోతాదు కొనసాగించండి. తొక్కలు జిగురుగా మారి పుల్లటి వాసన వేస్తూ, దగ్గర ఒక్క వానపాము కూడా లేకపోతే, ఆ రోజు ఏమీ వేయకండి.

ఇక తడి లెక్క. 500 గ్రాముల తొక్కలు వేస్తే అందులో సుమారు 430 గ్రాములు నీరే. మూత సందుల నుంచి కొంత ఆవిరవుతుంది, మిగతాది పడకలోకి దిగుతుంది. దానిని పీల్చడానికి మేత వేసిన ప్రతిసారీ మేత బరువులో అయిదో వంతు పొడి కాగితం, అంటే 500 గ్రాములకు 100 గ్రాములు, పైన పరవండి. తూచడం విసుగనిపిస్తే కంటి కొలత చాలు: ఎన్ని గుప్పెళ్ల తొక్కలో అన్ని గుప్పెళ్ల చించిన కాగితం. ఇలా చేస్తూ ఉంటే వేరుగా నీరు చల్లాల్సిన అవసరం దాదాపు రాదు. ప్లాస్టిక్ బకెట్‌కు రోజూ నీళ్లు చిలకరించడం అనేది నాకు ఎప్పటికీ అర్థంకాని అలవాటు.

ఏమి వేయవచ్చు అంటే కూరగాయల, పండ్ల తొక్కలు, వాడేసిన టీ ఆకు, కాఫీ పిప్పి, వాడిపోయిన ఆకులు. ఎంత చిన్న ముక్కలైతే అంత త్వరగా మాగుతాయి. ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే తొక్క మెత్తబడుతుంది, పండ్ల మీది ఈగ గుడ్లు కూడా చాలావరకు చస్తాయి. అయితే కరిగినప్పుడు వదిలే నీటిని పారబోసి, మామూలు వేడికి వచ్చాకే వేయండి. నూనె, ఉప్పు తగిలిన వండిన పదార్థాలు, మాంసం, పాలు, పెరుగు వద్దు. ఉప్పు చర్మాన్ని కాలుస్తుంది, నూనె గాలిని అడ్డుకుంటుంది. నిమ్మజాతి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి, మిరప కొద్దిగా పడితే ప్రమాదం లేదు కానీ ఈ చిన్న బకెట్‌లో వేయకపోవడమే నయం.

తేడా వస్తే ఎలా తెలుస్తుంది

మంచి బకెట్ మూత తీస్తే వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగున నీరు నిలిచి గాలి అందడం లేదని అర్థం. అప్పుడు చేయవలసింది మేత ఆపడం, అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడటం, పడకను చేతితో అడుగు నుంచి మెల్లగా పైకి లేపుతూ రెండు మూడు గుప్పెళ్ల పొడి అట్టముక్కలు కలపడం. రెండు మూడు రోజులు మూత తీసి ఉంచితే సాధారణంగా వాసన పోతుంది.

పుల్లటి వాసనతో పాటు దారం పోగుల్లాంటి సన్నని తెల్ల పురుగులు గుంపులుగా కనిపిస్తే పడక పులిసింది. అవి వానపాము పిల్లలు కావు. పిల్ల వానపాము కూడా తెల్లగానే పుడుతుంది కానీ వెలుతురుకు పట్టి చూస్తే దాని ఒంట్లో ఎర్రటి రక్తనాళం కనిపిస్తుంది. తెల్ల పురుగులో కనిపించదు. ఇవి హాని చేయవు, కానీ మేత ఎక్కువైందని చెబుతున్నాయి. చెంచాడు పెంకుల పొడి చల్లి, ఒక వారం మేత మానేయండి. సున్నం మాత్రం వేయవద్దు, దాని ఘాటు వానపాములను కాలుస్తుంది.

వానపాములు గోడల మీదికి, మూత కిందికి గుంపుగా ఎక్కుతుంటే లోపల ఏదో భరించలేనిది ఉంది. వేడా, తడా, పులుపా అన్నది చేయి పెట్టి, పిండి, వాసన చూసి తేల్చుకోవచ్చు. ఒకటి రెండు ఎక్కితే పట్టించుకోనక్కరలేదు. వాన ముసురు పట్టిన రోజుల్లో అలా తిరగడం వాటికి మామూలే. వానపాము ఒళ్లు అక్కడక్కడా నొక్కుకుపోయి పూసల దండలా మారితే అది మాంసకృత్తులు మితిమీరి పులిసిన తిండి వల్ల వచ్చే జబ్బు. గింజలు, పప్పుల పిండి లాంటివి ఎక్కువగా వేసినప్పుడు వస్తుంది. ఆ మేతను తవ్వి తీసేసి, ఎక్కువ వానపాములు అలా ఉంటే అన్నిటినీ కొత్త పడకలోకి మార్చండి.

చీమలు చేరితే మాత్రం అది ఎక్కువగా ఎండిన పడక సూచన. ఇటుకలను నీళ్లున్న పళ్లెంలో నిలబెడితే దారి తెగుతుంది. లోపల కొంచెం తడి పెంచండి.

అడుగు పళ్లెంలో నీరు చేరితే దాన్ని చాలామంది మందులా దాచుకుంటారు. అది కుళ్లుతున్న తొక్కల నుంచి దిగిన ఊట. వాసన లేకపోతే పది వంతుల నీళ్లు కలిపి పూలమొక్కల మొదట్లో పోయవచ్చు, పచ్చిగా తినే ఆకుకూరల మీద వద్దు. అసలు పళ్లెంలో తరచూ నీరు కనిపిస్తే కాగితం తక్కువ వేస్తున్నారని లెక్క.

ఎరువు తీయడం

మూడు నెలలకు, కొన్నిసార్లు నాలుగుకు, పడక ఎత్తు బాగా తగ్గి ముదురు గోధుమరంగుకు మారుతుంది. కాగితం, అట్ట ఏదో గుర్తుపట్టలేనంతగా మారితే తయారైనట్లు. ఇంకా ఆలస్యం చేయవద్దు. తమ విసర్జనలోనే ఎక్కువకాలం ఉంటే వానపాములు సన్నబడతాయి.

తీయడానికి రెండు వారాల ముందు మేత ఆపండి. చివరి నాలుగైదు రోజులు మూత తీసి ఉంచండి. తడిగా ఉన్న ఎరువు బంకమట్టిలా చేతికి అంటుకుంటుంది, వానపాములు అందులో చిక్కుకుపోయి తెగుతాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలే స్థితికి రావాలి.

పాలిథీన్ పట్టా పరిచి, దీపం కింద, బకెట్‌ను బోర్లించండి. రాశిని ఎనిమిదో పదో చిన్న కుప్పలుగా, పైకి మొనతేలేలా చేయండి. వెలుతురుకు వానపాములు కుప్పల అడుగుకు దిగుతాయి. పది నిమిషాల తర్వాత ప్రతి కుప్ప పైనుంచి, పక్కల నుంచి ఎరువును అరచేత్తో గీరి వేరే పళ్లెంలోకి తీయండి. వానపాము కనిపించగానే ఆ కుప్ప వదిలి తర్వాతి దానికి వెళ్లండి. ఇలా మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి ప్రతి కుప్పా వానపాముల ముద్దగా మిగులుతుంది. ఆ ముద్దలను తూచి చూడండి. 150 గ్రాములతో మొదలైన బకెట్‌లో అవి చాలాసార్లు రెట్టింపు అయి ఉంటాయి. ఈ బకెట్ పైవైశాల్యానికి 350 గ్రాములు దాదాపు హద్దు. అంతకు దగ్గరగా ఉంటే సగం రెండో బకెట్‌కు పంపండి. మిగిలినవాటిని ముందే నానబెట్టి ఉంచిన కొత్త పడకలో వదలండి, పాత ఎరువు రెండు గుప్పెళ్లు కలిపితే సూక్ష్మజీవులు కూడా వెంట వస్తాయి.

తీసిన ఎరువులో గుడ్ల సంచులు మిగిలిపోతాయి. మూడు మిల్లీమీటర్ల పొడవు, రెండు కొనలూ సన్నగా మొనతేలి, మొదట లేత పసుపుగా, పొదిగే రోజులు దగ్గరపడేకొద్దీ ఎర్రగా కనిపించేవి అవే. ఒక్కో సంచిలో రెండు మూడు పిల్లలు ఉండవచ్చు. చేత్తో ఏరడం అయ్యే పని కాదు. ఎరువును రంధ్రాలున్న డబ్బాలో వేసి, పండు తొక్కలు కట్టిన చిన్న వలసంచిని మధ్యలో పాతి మూడు వారాలు ఉంచండి. పుట్టిన పిల్లలు ఆ సంచిలోకి చేరతాయి. సంచిని అలాగే ఎత్తి బకెట్‌లో పెట్టండి.

ఆ తర్వాత ఎరువును 4 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి, కరగని ముక్కలను తిరిగి పడకలో వేయండి. ఎండలో ఆరబెట్టవద్దు, అందులోని సూక్ష్మజీవులు చస్తాయి, ఒకసారి గట్టిగా ఎండిన ఎరువు మళ్లీ నీటిని సులువుగా పీల్చదు. గోనె సంచిలోనో, రంధ్రాల డబ్బాలోనో కొద్దిపాటి తడి నిలిచేలా నీడలో ఉంచితే కొన్ని నెలలు వాడుకోవచ్చు. కుండీ మట్టి కలిపేటప్పుడు నాలుగు లేదా అయిదు పాళ్ల మట్టి మిశ్రమానికి ఒక పాలు ఈ ఎరువు చాలు. పెరుగుతున్న మొక్కకైతే కాండానికి తగలకుండా చుట్టూ ఒక గుప్పెడు వేసి, పైన పలుచగా మట్టి కప్పి నీళ్లు పోయండి.